పాత ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్ రెండో తెరగా

ల్యాప్‌టాప్ పక్కన ఉండే హెచ్‌డీఎంఐ పోర్టు బొమ్మను బయటికి పంపడానికే తప్ప లోపలికి తీసుకోవడానికి కాదు. చాలా అరుదైన కొన్ని మోడళ్లను మినహాయిస్తే అన్నిట్లోనూ ఇంతే. అందువల్ల బీరువాలో పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను కొత్తదానికి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపినా ఏమీ జరగదు. రెండూ పంపేవే, అందుకునేది ఒక్కటీ లేదు. ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్‌కు మానిటర్‌లా కేబుల్ గుచ్చుకునే వీలు సాధారణంగా ఉండదు. ఈ పాత పరికరాల తెరలు బాగానే వెలుగుతున్నా, వాటి దగ్గరికి బొమ్మను చేర్చే దారి మాత్రం వైఫైయే అవుతుంది.

వైఫై మీద వెళ్లేది మానిటర్ కేబుల్‌లో వెళ్లే సిగ్నల్ కాదు, వీడియో. ఈ తేడా అర్థమైతే మిగతా చిక్కుల్లో చాలావాటికి కారణం దానంతటదే తెలుస్తుంది. 1920×1080 తెర మీద ఇరవై లక్షలకు పైగా చుక్కలుంటాయి. ఒక్కో చుక్క రంగుకు 24 బిట్లు, సెకనుకు 60 బొమ్మల చొప్పున లెక్క వేస్తే సెకనుకు సుమారు 300 కోట్ల బిట్లు అవుతాయి. హెచ్‌డీఎంఐ కేబుల్ అంత బరువును తేలిగ్గా మోస్తుంది. ఇళ్లలోని మామూలు వైఫై మోయలేదు. 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేసే పాతకాలపు వైఫై కార్డు కాగితం మీదే సెకనుకు 7 కోట్ల బిట్ల దగ్గర ఆగిపోవచ్చు, చేతికందేది అందులో సగమే. అందుకని ప్రధాన ల్యాప్‌టాప్ తన తెర బొమ్మను ఎప్పటికప్పుడు పట్టుకుని, వీడియోగా కుదించి పంపుతుంది. అవతలి పరికరం దాన్ని విప్పి చూపిస్తుంది. పట్టుకోవడం, కుదించడం, పంపడం, విప్పడం అనే నాలుగు పనులకూ కొంత కొంత సమయం పడుతుంది. రెండో తెర మీద మౌస్ బాణం చేతికంటే ఓ క్షణం వెనక నడవడానికి కారణం ఇదే.

విండోస్‌లో ఈ పనికి విడిగా ఏ ప్రోగ్రామూ కొనక్కర్లేదు. మిరాకాస్ట్ అనే పద్ధతి అందులోనే ఉంది. వైఫై పరికరాల ప్రమాణాలను చూసే వైఫై అలయన్స్ 2012లో దీన్ని తెచ్చింది. రూటర్ అవసరం లేకుండా రెండు పరికరాలూ నేరుగా ఒకదానితో ఒకటి వైఫైలో మాట్లాడుకోవడం దీని ప్రత్యేకత. మొదట్లో విండోస్ కంప్యూటర్ బొమ్మను టీవీకి పంపడం వరకే ఉండేది. 2016లో వచ్చిన విండోస్ 10 యానివర్సరీ అప్‌డేట్‌తో కంప్యూటర్ కూడా బొమ్మను అందుకోగలిగింది. పాత ల్యాప్‌టాప్ రెండో తెర కాగలిగింది అప్పటినుంచే.

మొదలుపెట్టే ముందు రెండు ల్యాప్‌టాప్‌లూ ఇందుకు పనికొస్తాయో లేదో చూడాలి. స్టార్ట్ మెనూలో `cmd` అని కొట్టి, తెరుచుకున్న నల్లటి కిటికీలో ఈ ఆదేశం ఇవ్వాలి.

```
netsh wlan show drivers
```

వచ్చే సమాచారంలో చివరివైపు `Wireless Display Supported` అనే వరుస ఉంటుంది. దాని ఎదురుగా `Yes` ఉంటే సరే. `No` ఉంటే పక్కనే కుండలీకరణాల్లో లోపం ఎక్కడుందో కూడా రాసి ఉంటుంది: గ్రాఫిక్స్ డ్రైవర్‌దా, వైఫై డ్రైవర్‌దా అని. తయారీ సంస్థ సైట్ నుంచి ఆ డ్రైవర్ కొత్తది తెచ్చి వేస్తే కొన్నిసార్లు `No` కాస్తా `Yes` అవుతుంది. మరీ పాత కార్డయితే కాదు. అదే జాబితాలో `Radio types supported` అనే వరుస కూడా చదవాలి. అక్కడ `802.11b`, `802.11g`, `802.11n` మాత్రమే ఉండి `802.11a` గానీ `802.11ac` గానీ లేకపోతే ఆ ల్యాప్‌టాప్‌కు 5 గిగాహెర్ట్జ్ వైఫై అందదని అర్థం. పదేళ్ల కిందటి చవక మోడళ్లలో ఇలాంటివి చాలానే ఉన్నాయి. రెండో తెర ఎంత సాఫీగా నడుస్తుందనేది ఎక్కువగా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడుతుంది.

ఒక పనిని తీసుకుని చూస్తే ఏర్పాటు అంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఒక చిన్న వ్యాపారి దగ్గర లెక్కలు రాసే అకౌంటెంట్ నెలాఖరున కొనుగోలు బిల్లులన్నీ ట్యాలీలో ఎక్కించాలి. బిల్లులు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగా ఉన్నాయి. ఒకే తెర మీదైతే ఓ బిల్లు తెరవడం, జీఎస్టీ నంబరూ మొత్తమూ గుర్తుపెట్టుకోవడం, ట్యాలీకి మారడం, కొట్టడం, సందేహం వచ్చి మళ్లీ బిల్లుకు వెళ్లడం తప్పదు. పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు ఒక్క చూపులో గుర్తుండేది కాదు. బిల్లు పక్క తెర మీద నిలబడి ఉంటే ఈ తిరుగుడంతా పోతుంది. ఆయన దగ్గర విండోస్ 11 ఉన్న 15.6 అంగుళాల కొత్త ల్యాప్‌టాప్, విండోస్ 10 ఉన్న 1366×768 తెర పాత ల్యాప్‌టాప్ ఉన్నాయనుకుందాం.

ముందు పాతదాన్ని సిద్ధం చేయాలి. `Settings` తెరిచి వెతికే గడిలో `Optional features` అని కొడితే ఆ పేజీ వస్తుంది. అక్కడ `Add a feature` నొక్కి, `Wireless Display` ఎంచుకుని ఇన్‌స్టాల్ చేయాలి. దీనికి మాత్రం ఇంటర్నెట్ కావాలి. ఫోన్ హాట్‌స్పాట్ నుంచి నెట్ తీసుకుంటున్నప్పుడు విండోస్ దాన్ని మీటర్డ్ కనెక్షన్‌గా లెక్కేస్తే డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోవచ్చు. ఆ హాట్‌స్పాట్ ప్రాపర్టీస్‌లో మీటర్డ్ స్విచ్ తీసేస్తే సరిపోతుంది. ఇన్‌స్టాల్ అయ్యాక `Settings > System > Projecting to this PC` దగ్గరికి వెళ్లాలి. అప్పటిదాకా బూడిద రంగులో పలకకుండా ఉన్న మీటలు ఇప్పుడు పనిచేస్తాయి. మొదటి మీటను `Always off` నుంచి మార్చి, ఇంట్లోనైతే `Available everywhere on secure networks` పెట్టుకోవచ్చు. పిన్ అడిగే మీటను `First Time` అని పెడితే పక్క ఫ్లాట్‌లోని వాళ్లెవరూ పొరపాటున తమ బొమ్మను ఈ తెర మీదికి పంపలేరు. కరెంటు ప్లగ్ పెట్టి ఉన్నప్పుడే ఈ కంప్యూటర్ కనిపించాలనే మరో మీట ఇదే పేజీలో ఉంది. చార్జర్ పెట్టకుండా కూర్చుని, పాత ల్యాప్‌టాప్ జాబితాలో ఎందుకు రావడం లేదా అని వెతికేవాళ్లు ముందు ఈ మీటనే చూడాలి. చివరగా పాత ల్యాప్‌టాప్‌లో `Connect` యాప్ తెరవాలి. తాను సిద్ధంగా ఉన్నానని నీలం తెర మీద రాసి చూపిస్తుంది.

ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లో `Win+K` నొక్కితే కుడివైపు చిన్న పలక తెరుచుకుని, అందులో పాత ల్యాప్‌టాప్ పేరు వస్తుంది. దాన్ని నొక్కి, అవతల కనిపించే పిన్‌ను ఇక్కడ కొడితే కలుస్తుంది. కలిసేటప్పుడు పాత ల్యాప్‌టాప్‌లో ఒక హెచ్చరిక కనిపించవచ్చు. ఈ పరికరం వైర్‌లెస్ ప్రొజెక్షన్ కోసం ప్రత్యేకంగా తయారుచేసింది కాదు, బొమ్మ చూపడంలో ఇబ్బంది రావచ్చు అని దాని సారాంశం. అది చదివి ఆగిపోనక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ మాట వస్తుంది, అయినా పని జరుగుతుంది.

తొలిసారి ఎక్కువగా రెండు తెరల మీదా ఒకే బొమ్మ వస్తుంది. మన అకౌంటెంట్‌కు కావలసింది నకలు కాదు, అదనపు జాగా. `Win+P` నొక్కి `Extend` ఎంచుకుంటే డెస్క్‌టాప్ రెండు తెరల వెడల్పుకు పరుచుకుంటుంది. ఆ తర్వాత `Settings > System > Display` లో 1, 2 అని రెండు పెట్టెలు కనిపిస్తాయి. బల్ల మీద పాత ల్యాప్‌టాప్ ఎడమవైపు ఉంటే 2వ పెట్టెను కూడా మౌస్‌తో లాగి 1కి ఎడమవైపే పెట్టాలి. ఇది చేయకపోతే బాణాన్ని ఎడమ అంచుకు తోసినా గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోతుంది, కుడి అంచు దాటించినప్పుడేమో ఎడమవైపున్న తెర మీద తేలుతుంది.

పీడీఎఫ్ కిటికీని ఎంచుకుని `Win+Shift+ఎడమ బాణం` నొక్కితే అది పక్క తెరకు వెళ్లిపోతుంది. ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. పాత తెర 1366×768ది, పంపే బొమ్మ మాత్రం తరచూ 1920×1080గా వెళ్తుంది. అంత బొమ్మను చిన్న తెరలోకి నొక్కి చూపించడంతో బిల్లు మీది సన్నని అంకెలు అలుక్కుపోయినట్టుంటాయి. 3 ఏదో 8 ఏదో తేలని తెర లెక్కల పనికి పనికిరాదు. అదే `Display` పేజీలో 2వ పెట్టెను ఎంచుకుని రిజల్యూషన్ జాబితాలో 1366×768 గానీ, దానికి దగ్గరగా 1280×720 గానీ ఉంటే అది పెట్టాలి. లేకపోతే `Scale` ను 125 లేదా 150 శాతానికి పెంచాలి. పట్టే సమాచారం తగ్గుతుంది గానీ అంకెలు కళ్లకు ఆనతాయి. పంపాల్సిన చుక్కలు తగ్గితే వైఫైకీ భారం తగ్గుతుంది కాబట్టి రిజల్యూషన్ తగ్గించడమే రెండిట్లో మెరుగైన దారి.

`Win+K` పలకలో ఇంకో చిన్న ఎంపిక ఉంది, చాలామంది కంట పడదు. కలిసి ఉన్న తెర పేరు కింద బొమ్మ పంపే తీరును ఆటలకు, పనికి, వీడియోలకు అని మూడు రకాలుగా మార్చుకోవచ్చు. ఆటల తీరు ఆలస్యాన్ని వీలైనంత తగ్గిస్తుంది, దాని వల్ల మధ్యమధ్య బొమ్మ చెదిరినా ఊరుకుంటుంది. వీడియో తీరు కొంత బొమ్మను ముందుగా పోగుచేసుకుని ఆటంకం లేకుండా చూపిస్తుంది, అందుకని ఆలస్యం పెరుగుతుంది. బిల్లు చూసుకునే పనికి మధ్య రకమే సరి. మౌస్ మరీ వెనకబడిందనిపించినప్పుడు, పొరపాటున వీడియో తీరు పడిందేమో ఒకసారి చూడాలి.

ట్యాబ్లెట్ దగ్గర కథ వేరు. ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లలో చాలావాటికి తమ బొమ్మను టీవీకి పంపడం వచ్చు గానీ, ఇంకొకరి బొమ్మను అందుకోవడం రాదు. శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్7 వంటి ఖరీదైన కొన్ని మోడళ్లలో `Second screen` అనే మీట ఉంటుంది. అది ఉంటే `Win+K` తోనే పని అయిపోతుంది. ఐప్యాడ్, మ్యాక్ రెండూ ఉన్నవాళ్లకు 2019 నుంచి సైడ్‌కార్ ఉంది. రెండిట్లోనూ ఒకే యాపిల్ ఖాతా ఉండి, వైఫై, బ్లూటూత్ వేసి, పది మీటర్ల లోపు ఉంటే చాలు. మిగతావాళ్లకు రెండు భాగాలుగా వచ్చే ప్రోగ్రామ్ కావాలి. వీటిలో ఎక్కువమంది వాడేది స్పేస్‌డెస్క్. దాని డ్రైవర్‌ను విండోస్ ల్యాప్‌టాప్‌లో, వ్యూయర్ యాప్‌ను ట్యాబ్లెట్‌లో వేసుకోవాలి. నిజంగా లేని మానిటర్ ఒకటి ఉన్నట్టు ఆ డ్రైవర్ విండోస్‌ను నమ్మిస్తుంది. విండోస్ దాని కోసం గీసే బొమ్మను పట్టి ట్యాబ్లెట్‌కు పంపుతుంది. అందుకే `Win+P`, `Display` పేజీ ఇక్కడా అచ్చంగా అలాగే పనిచేస్తాయి. వ్యూయర్‌లో రిజల్యూషన్‌నూ బొమ్మ నాణ్యతనూ తగ్గించుకునే ఎంపికలున్నాయి. నెమ్మదించినప్పుడు మొదట చేయి వేయాల్సింది వాటి మీదే. మిరాకాస్ట్‌కు `No` వచ్చిన పాత ల్యాప్‌టాప్‌కు కూడా స్పేస్‌డెస్క్ అక్కరకొస్తుంది, దాని వ్యూయర్ విండోస్‌కూ ఉంది.

స్పేస్‌డెస్క్ నేరుగా కాక ఇంటి నెట్‌వర్క్ ద్వారా వెళ్తుంది కాబట్టి ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్ రెండూ ఒకే రూటర్‌కు కలిసి ఉండాలి. బొమ్మ ఇల్లు దాటి బయటికి పోదు, డేటా ప్యాక్ ఖర్చవదు, నెట్ పోయినా రూటర్ వెలుగుతుంటే తెర నడుస్తూనే ఉంటుంది. అయితే హాస్టల్, కాలేజీ, ఆఫీసు వైఫైల్లో ఒక పరికరం మరో పరికరాన్ని చూడకుండా అడ్డుగోడ పెట్టడం మామూలే. అక్కడ రెండూ ఒకే వైఫైలో ఉన్నా వ్యూయర్‌లో ల్యాప్‌టాప్ పేరు రాదు. ఇంట్లో రాకపోతే మాత్రం విండోస్ ఫైర్‌వాల్ ఆపిందేమో చూడాలి. వైఫై ప్రాపర్టీస్‌లో నెట్‌వర్క్ `Public` అని ఉంటే `Private` అని మారిస్తే ఎక్కువసార్లు దారి తెరుచుకుంటుంది. బయటి వైఫైలో మాత్రం ఆ మార్పు చేయకూడదు.

రూటర్ ద్వారా వెళ్లడంలో మరో భారం ఉంది. ప్రతి బొమ్మా ల్యాప్‌టాప్ నుంచి రూటర్‌కు ఒకసారి, రూటర్ నుంచి ట్యాబ్లెట్‌కు ఇంకోసారి, మొత్తం రెండుసార్లు అదే గాలిలో ప్రయాణిస్తుంది. ఒకటి మాట్లాడుతుంటే రెండోది ఆగాలి. ల్యాప్‌టాప్‌ను రూటర్‌కు ల్యాన్ కేబుల్‌తో కలిపితే మొదటి ప్రయాణం తీగలోకి మారి, గాలిలో సగం బరువు తగ్గుతుంది. నాలుగైదు మీటర్ల కేబుల్‌తో వచ్చే తేడా కొత్త రూటర్ కొన్నా రాకపోవచ్చు.

తెర ఆగి ఆగి కదులుతున్నప్పుడు తప్పు వైఫైదో కంప్యూటర్‌దో తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ట్యాబ్లెట్ వైఫై వివరాల్లో దాని ఐపీ అడ్రస్ ఉంటుంది. అది `192.168.1.7` అనుకుంటే, ల్యాప్‌టాప్‌లో ఇలా కొట్టాలి.

```
ping -n 50 192.168.1.7
```

యాభై వరుసలు వస్తాయి, ఒక్కోదాని చివరన పోయి రావడానికి పట్టిన సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది. సెకనుకు 60 బొమ్మలంటే ఒక్కో బొమ్మకు దక్కేది 17 మిల్లీసెకన్ల లోపే. వరుసలన్నీ పది లోపు ఉంటే వైఫై బాగున్నట్టే, నెమ్మదికి కారణం పాత ప్రాసెసర్ అయి ఉంటుంది. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే సీపీయూ వంద శాతం దగ్గర కొట్టుకుంటూ కనిపిస్తుంది. అలా కాక 4, 6, 180, 5, 240 అంటూ మధ్యమధ్య ఎగిరి పడుతుంటే తప్పు గాలిలోదే. సగటు తక్కువే ఉన్నా కళ్లకు కుదుపుగా తెలిసేది ఆ ఎగుళ్లే. అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీద ఇరుగుపొరుగు రూటర్లన్నీ కలబడుతుంటాయి, బ్లూటూత్ మౌసూ మైక్రోవేవ్ ఓవెనూ వాడేది కూడా ఆ పట్టీనే. 5 గిగాహెర్ట్జ్ అందే పరికరాలైతే రెండిటినీ దానికి మార్చి మళ్లీ `ping` కొట్టి చూడాలి. గోడలు దాటడంలో అది బలహీనం కాబట్టి రూటర్ అదే గదిలో ఉంటే మంచిది.

వైఫై ఎంత బాగున్నా పోని లోపం ఒకటుంది, అది రంగులది. వీడియోగా కుదించేటప్పుడు వెలుగునీడలను చుక్క చుక్కకూ దాచి, రంగును మాత్రం సాధారణంగా నాలుగు చుక్కలకు ఒకటి చొప్పున దాస్తారు. మనిషి కన్ను వెలుగులో తేడాను పట్టినంత చురుగ్గా రంగులో తేడాను పట్టదు కాబట్టి సినిమాల్లో ఇది తెలియదు. అక్షరాల్లో తెలుస్తుంది. తెల్లటి కాగితం మీద నల్లటి అక్షరాలు నిక్కచ్చిగా ఉంటాయి, నీలం గడిలో రాసిన ఎర్ర అంకెల అంచులు మాత్రం చెదిరినట్టు కనిపిస్తాయి. ఎక్సెల్‌లో రంగు రంగుల గడులు పెట్టుకున్నవాళ్లు ఆ షీటును ప్రధాన తెర మీదే ఉంచుకుని, నలుపు తెలుపు పత్రాలను పక్కకు పంపుకోవడం మేలు. ఫొటోల రంగులు దిద్దే పని కూడా ఈ తెర మీద చేయదగినది కాదు.

ఆలస్యం వల్ల కూడా కొన్ని పనులు ప్రధాన తెర మీదే ఉండాలి. చదివేవి, అప్పుడప్పుడు చూసేవి పక్క తెరకు నప్పుతాయి: బిల్లు, పాఠం, మెయిల్, వీడియో కాల్‌లో అవతలివాళ్ల ముఖాలు. కొట్టేవి, గీసేవి, ఆడేవి నప్పవు. టైపు చేసిన అక్షరం పక్క తెర మీద వెనకబడి కనిపిస్తుంటే పొరపాట్లు పెరుగుతాయి. ఓటీటీ సినిమాలను అటు లాగితే మాటలు వినిపిస్తూ బొమ్మ నల్లగా మారిపోవచ్చు. అది పరికరం పాడైనందువల్ల కాదు. నకలు తీయకుండా ఆ వీడియోలకు వేసిన రక్షణ, ఇలా పట్టి పంపే దారులను ఒప్పుకోదు. దానికి సెట్టింగుల్లో మందు లేదు. సినిమాను ట్యాబ్లెట్‌లోనే దాని యాప్‌లో చూసుకోవాలి.

గంటల తరబడి వీడియో విప్పే పని పాత ట్యాబ్లెట్‌ను వేడెక్కిస్తుంది, బ్యాటరీ కూడా త్వరగా దిగుతుంది కాబట్టి చార్జర్ పెట్టి ఉంచడం తప్పదు. వెలుతురు సగానికి తగ్గిస్తే వేడి చాలావరకు అదుపులో ఉంటుంది. తెర ఒక అంచున పైకి లేచినట్టున్నా, వెనక భాగం ఉబ్బినట్టున్నా లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని వెంటనే చార్జింగ్ నుంచి తీసి వాడకం ఆపేయాలి. పాత ల్యాప్‌టాప్‌లోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అలాంటి యంత్రాన్ని ఇంటి నెట్‌వర్క్‌లో తెరగా మాత్రమే ఉంచి, బ్యాంకు పనులకూ ఇంటర్నెట్‌లో తిరగడానికీ వాడకపోవడం మంచిది.

పని అయ్యాక `Win+K` లో `Disconnect` నొక్కితే పక్క తెర మీది కిటికీలన్నీ ప్రధాన తెరకు వచ్చేస్తాయి. వైఫై మధ్యలో తెగినప్పుడు ఒక్కోసారి ఏదో ఒక కిటికీ రాకుండా ఉండిపోతుంది. టాస్క్‌బార్‌లో పేరుంటుంది, తెర మీద కనిపించదు. దాని పేరు నొక్కి `Win+Shift+కుడి బాణం` కొడితే వస్తుంది. అప్పటికీ రాకపోతే `Win+P` లో `PC screen only` ఎంచుకోవాలి. పాత ల్యాప్‌టాప్‌లో `Connect` యాప్ మూసేసి, మళ్లీ అవసరం పడేదాకా `Projecting to this PC` పేజీలోని మొదటి మీటను `Always off` కు తిప్పి ఉంచవచ్చు.